ధర్మవ్యాధుడి కథను మనం ఎలా చదవాలి?

2025లో విజయదశమి అక్టోబర్ 2న వచ్చింది. అంటే దసరా, గాంధీ జయంతి ఒకే రోజు. గాంధీ జయంతి నాడు హైదరాబాద్‌లో మాంసం దుకాణాలు మూయాలన్నది నగరపాలక సంస్థ ఎప్పుడూ పాటించే నియమం. తెలంగాణలో దసరా అంటే మాత్రం ఇంటింటా మాంసం వండే పండుగ. మేము సెలవులకు మా అన్న కొడుకు దగ్గరికి మూసాపేట వెళ్లి ఉన్నాం. ఒకటో తేదీ రాత్రి పది గంటలకు కూడా వాడి గల్లీ చివర కోళ్ల దుకాణం ముందు జనం వరుస కట్టి నిలబడ్డారు. ఒక్కొక్కరు మామూలుగా కొనేదాని కంటే ఎక్కువే కొన్నారు. మర్నాడు దుకాణం మూసి ఉంది. ఇళ్లలో మాత్రం ముందురోజు కోసిన కోడి, ఫ్రిజ్‌లోంచి తీసిన మేక మాంసం ఉడుకుతున్నాయి. అక్టోబర్ 2న చావాల్సిన కోళ్లు ఒకటో తేదీనే చచ్చిపోయాయి. అహింస పేరుతో పెట్టిన ఆ నియమం ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్క వేస్తే ఏమీ మిగలదు.

మా వాడు ఐ.టి.ఐ. చదివి, హైటెక్ సిటీలో ఒక కార్యాలయ భవనంలో ఏసీ మెషీన్ల పని చూస్తాడు. మూసాపేట స్టేషన్లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో లైను మారి, రోజూ వెళ్లొస్తాడు. ఒక మూడంతస్తుల ఇంటి మీద, ఇక్కడి వాళ్లు పెంట్‌హౌస్ అని పిలిచే రేకుల గదిలో ఉంటాడు. ఇంటి యజమానురాలు శాకాహారి. పెద్దావిడ, మంచిగానే మాట్లాడుతుంది. ఒక ఆదివారం వాడు ఊరి నుంచి తెచ్చుకున్న ఎండు నెత్తళ్లు వేయించాడు. వాసన కిందికి దిగింది. ఆవిడ మెట్లెక్కి వచ్చి, "బాబూ, నువ్వు మంచివాడివే కానీ మీ వాళ్లది హింసతో కూడిన బతుకు. వేటాడి తినే వాళ్లు. మా ఇంట్లో ఆ పాపం వద్దు. నెలాఖరుకు వేరే గది చూసుకో" అంది.

గది పోతుందన్న భయం కంటే "మీ వాళ్లది" అన్న మాట వాడికి ఎక్కువ గుచ్చుకుంది. "చిన్నాన్నా, మనం హింస చేసే జాతా? ఆంటీకి ఏం చెప్పాలి?" అని మమ్మల్ని అడిగాడు. బడిలో ఇలాంటి ప్రశ్న వస్తే మేము సాధారణంగా గాంధీ గారి పాఠం చెప్పి దాటేస్తాం. ఇక్కడ అది చాలదనిపించింది. అందుకే ఈ దేశంలో వేటగాడి నోటనే అహింస గురించి మాట్లాడించిన ఒక పాత కథను తీసుకుని వాడితో కూర్చున్నాం. ఆ రోజు వాడికి చెప్పినదీ, తర్వాత మాకు తోచినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

కథ మహాభారతం అరణ్యపర్వంలో ఉంది. పాండవులు అడవిలో ఉన్నప్పుడు మార్కండేయ మహర్షి ధర్మరాజుకు చెప్పినది. అరణ్యపర్వంలో నన్నయ వదిలేసిన భాగాన్ని ఎఱ్ఱన పూర్తి చేశాడు కదా, తెలుగులో ఈ కథ ఆ ఎఱ్ఱన భాగంలోనే వస్తుంది. చాలామంది మాస్టార్లకు కథ తెలుసు. తల్లిదండ్రుల సేవ గురించిన నీతికథగా పిల్లలకు చెబుతుంటాం. దాని మధ్యలో అహింస మీద పెద్ద వాదన ఉన్న సంగతి మాత్రం వదిలేస్తుంటాం.

కౌశికుడు అనే బ్రాహ్మణుడు చెట్టు కింద కూర్చుని వేదం చదువుకుంటున్నాడు. చెట్టు మీది కొంగ అతని మీద రెట్ట వేసింది. అతను కోపంగా తలెత్తి చూశాడు. ఆ చూపుకే కొంగ చచ్చి కింద పడింది. బాధపడ్డాడు కూడా. తర్వాత ఊళ్లోకి బిచ్చానికి వెళ్తే ఒక ఇల్లాలు ఉండమని చెప్పి, ఇంతలో ఇంటికొచ్చిన భర్తకు అన్నం పెట్టి, ఆ తర్వాత బయటికి వచ్చింది. అతనికి మళ్లీ కోపం వచ్చింది. "నేను కొంగను కాను. కోపమే మనిషికి శత్రువు. ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకు వెళ్లి ధర్మవ్యాధుణ్ని అడుగు" అన్న అర్థంలో ఆమె చెప్పింది. అతను మిథిలకు వెళ్లాడు. చూస్తే ధర్మవ్యాధుడు మాంసం అమ్మే చోట, కొనేవాళ్ల గుంపు మధ్యలో ఉన్నాడు. కౌశికుడు పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. అతనే లేచి వచ్చి, నిన్ను ఎవరు పంపారో, ఎందుకు వచ్చావో నాకు తెలుసని ఇంటికి తీసుకెళ్లాడు.

కథ మొదలయ్యే తీరు చూడండి. ఇందులో మొదటి హింస చేసినవాడు వేటగాడు కాదు, వేదం చదువుకునేవాడు. అతని చేతిలో కత్తి లేదు, విల్లు లేదు, ఆకలి కూడా లేదు. ఒక పిట్ట రెట్ట వేసిందన్న కోపం ఒక్కటే ఉంది. అవతల మాంసం దుకాణంలో ఉన్నవాడి దగ్గర కత్తులు ఉన్నాయి కానీ కోపం లేదు. హింస ఎక్కడుందో చూడాలంటే కంచంలోకి చూడాలా, కళ్లలోకి చూడాలా అన్న ప్రశ్న కథ మొదట్లోనే లేస్తుంది. మా వాడు ఇక్కడే ఆపి, "మరి ఆంటీ మెట్లెక్కి వచ్చినప్పుడు?" అన్నాడు. అంత తొందరగా ఎదుటివాళ్ల మీదికి తిప్పకు, ముందు మొత్తం విను అన్నాం.

ఇంటికి వెళ్లాక కౌశికుడు అడుగుతాడు: ఇంత తెలిసినవాడివి, నీకు ఈ పని తగునా? దానికి ధర్మవ్యాధుడు చెప్పిన జవాబులు ఒక్కటిగా లేవు. కనీసం మూడు రకాల వాదనలు అందులో కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూడకపోతే కథను మెచ్చుకుంటాం, మనకు ఏది పనికొస్తుందో మాత్రం తెలియదు.

మొదటి వాదన, ఇది మా తాతతండ్రుల నుంచి వచ్చిన వృత్తి అని. పైగా నేను స్వయంగా చంపను, ఇతరులు చంపిన పందులను, దున్నలను అమ్ముతాను, నేను మాంసం తినను అంటాడు. రెండవది, చంపేది విధి, చేసేవాడు నిమిత్తమాత్రుడు అని. ఈ రెండూ బలహీనమైనవని మా అభిప్రాయం. విధి చంపింది, నేను నిమిత్తం అని ఎవడైనా అనవచ్చు. తాగి భార్యను కొట్టినవాడు కూడా నా రాత అట్లా ఉంది అంటాడు. మన గూడేల్లో ఆ మాట వినని వాళ్లు లేరు. చంపేది ఒకడు, అమ్మేది ఇంకొకడు, తినేది మరొకడు కాబట్టి పాపం పంచుకుపోయి ఎవరికీ అంటదన్న లెక్క కూడా నిలవదు. కొనేవాడు లేకపోతే కోసేవాడు కోయడు. ఒకటో తేదీ రాత్రి ఆ దుకాణం ముందు వరుసను చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మూడవ వాదనే అసలైనది. నాగలితో దున్నేటప్పుడు మట్టిలో ఉన్న ఎన్నో ప్రాణులు చస్తాయి. వడ్లు మొదలైన గింజలు కూడా ప్రాణమున్నవే. చెట్లను, పండ్లను నరుక్కుని కోసుకుని తింటున్నాం. నీళ్లలో జీవులున్నాయి. నడిస్తే కాళ్ల కింద చస్తాయి, కూర్చుంటే, పడుకుంటే చస్తాయి. భూమీ ఆకాశమూ ప్రాణులతో నిండి ఉన్నాయి. బాగా ఆలోచిస్తే లోకంలో హింస చేయనివాడు ఎవడూ లేడు అంటాడు. వ్యవసాయం చేసినవాళ్లకు ఇది కొత్త మాట కాదు. మా కొండల మీద పోడు కాల్చేటప్పుడు తొండలు, పాములు, పిట్టగూళ్లు ఎన్ని పోతాయో మాకు తెలుసు. మైదానంలో వరిపొలానికి కొట్టే మందుకు ఎన్ని పురుగులు, వాటిని తినే కప్పలు ఎన్ని పోతాయో, వడ్ల రాశి దగ్గర ఎలుకలను ఏం చేస్తారో ఆ పక్క ఊళ్లలో కూలికి వెళ్లిన మనవాళ్లకు తెలుసు. పాలు కూడా ఊరికే రావు. డెయిరీలో మగదూడ పుడితే దాన్ని మేపి ఎవరూ ఉంచుకోరు.

ఇక్కడికి వచ్చేసరికి మా వాడి ముఖం వెలిగింది. "అయితే ఆంటీ తాగే కాఫీలో కూడా హింస ఉంది. అందరిదీ ఒకటే. ఇదే చెబుతాను" అన్నాడు. మన కుర్రాళ్లలో చాలామంది ఈ కథను ఇక్కడి వరకే చదువుతారు. సభల్లో కూడా కొందరు ఇదే వాదనను చప్పట్ల మధ్య చెప్పడం విన్నాం. అందరూ హింస చేసేవాళ్లే కాబట్టి మమ్మల్ని అనడానికి మీరెవరు అన్నది ఎదుటివాడి నోరు మూయించడానికి బాగానే పనికొస్తుంది.

ధర్మవ్యాధుడు అక్కడ ఆగలేదు. అహింసను వ్రతంగా పెట్టుకున్న మునులు కూడా హింస చేస్తూనే ఉంటారు, అయితే పూనికతో ప్రయత్నిస్తే వాళ్ల వల్ల జరిగే హింస తగ్గుతుంది అని ముగిస్తాడు. వాదన బరువంతా ఆ "తగ్గుతుంది" అన్న మాట మీదే ఉంది. అందరూ దోషులే కాబట్టి ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు అన్న ముగింపుకీ, అందరూ దోషులే కాబట్టి ప్రతివాడూ తనది కొంత తగ్గించుకోవాలి అన్న ముగింపుకీ చాలా దూరం ఉంది. మొదటిదానితో గెలవచ్చు. రెండవదానితో పని ఉంటుంది. పైగా తగ్గించడం అన్నది తన చేతిలో ఉన్నదానికే కుదురుతుంది. ఎదుటివాడి కంచంలో ఉన్నదాన్ని మనం తగ్గించలేం, అడగగలం అంతే.

ఇదే సంగతిని జైనులు ఇంకా విడమరచి చెప్పారు. జైనం అంటే మార్వాడీ వ్యాపారుల మతం అనుకుంటాం కానీ, కొలనుపాక జైన క్షేత్రం మన తెలంగాణలోనే ఉంది. తెలుగు నేలకు అది పరాయిది కాదు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో హింస అంటే ఊరికే ప్రాణం పోవడమని చెప్పలేదు. అజాగ్రత్తతోనో ఆవేశంతోనో చేసిన పని వల్ల ప్రాణం పోవడమని చెప్పాడు. తర్వాతివాళ్లు గృహస్థుల కోసం హింసను నాలుగుగా విడదీశారు. వండుకోవడం, ఊడ్చుకోవడం లాంటి ఇంటిపనిలో జరిగేది ఆరంభ హింస. సేద్యం, వృత్తి లాంటి బతుకుతెరువులో జరిగేది ఉద్యోగ హింస. తననూ తనవాళ్లనూ కాపాడుకోవడంలో జరిగేది విరోధ హింస. బాధపెట్టాలనే కోరి చేసేది సంకల్ప హింస. సంసారి మొదటి మూడింటినీ వీలైనంత తగ్గించుకోవాలి, నాలుగోదాన్ని పూర్తిగా వదిలేయాలి. జైనులు మాంసాన్ని ఒప్పుకోరన్నది నిజమే, ఆ విషయంలో వాళ్లు మన పక్షాన లేరు. అయినా ఈ నాలుగు పేర్లు మనకు పనికొస్తాయి. ఎండు నెత్తళ్లు వేయించడాన్నీ, ఒక మనిషిని జాతి పేరుతో కించపరచడాన్నీ ఒకే మాటతో "హింస" అని పిలిచినప్పుడు ఏది దేని కింద వస్తుందో అడిగే వీలు వీటివల్ల దొరుకుతుంది.

గాంధీ గారి పేరుతో దుకాణాలు మూస్తున్నారు కాబట్టి ఆయన సంగతీ ఒకటి చెప్పాలి. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ బాగుపడని జబ్బుతో విలవిలలాడుతుంటే, డాక్టరును పిలిపించి ఇంజెక్షన్‌తో దాని ప్రాణం తీయించారు. దేశమంతా గొడవ అయింది. కోపంతో ఎన్నో ఉత్తరాలు వచ్చాయి. ఆయన వెనక్కి తగ్గలేదు. దాని బాధ తీర్చడానికే, స్వార్థం లేకుండా చేసిన పని కాబట్టి అది అహింసే అని తన పత్రికల్లో వాదించారు. అహింస అంతా తిండిలో లేదని కూడా ఆయన రాశారు. ఆయన పూర్తి శాకాహారి. అయినా ఆయన చూసిన కొలత, ఏ ఉద్దేశంతో చేశావు, బాధ పెరిగిందా తగ్గిందా అన్నదే. ఆయన పుట్టినరోజున కోడి దుకాణం షట్టరును కొలతగా పెట్టుకున్నవాళ్లు ఈ సంగతి మరిచిపోయారు.

ఇక కథలో మాకు నచ్చనిది చెప్పాలి. వేటగాడి నోట ఇంత పెద్ద మాట చెప్పించిన కథకుడు, వేటగాణ్ని వేటగాడిగా ఉండనివ్వడు. ముందు అతను చంపడు అన్నాడు. తర్వాత తినడు అన్నాడు. చివర్లో ఇంకో మెలిక పెట్టాడు. ధర్మవ్యాధుడు పోయిన జన్మలో బ్రాహ్మణుడట. ఒక రాజుతో స్నేహం చేసి వేటకు వెళ్తే అతని బాణం ఒక ఋషికి తగిలిందట. ఋషి శాపం వల్ల ఇలా పుట్టాడట. అంటే అతనికున్న తెలివి అతని పుట్టుకలోంచి రాలేదు, పాత జన్మలోంచి మిగిలింది. అతని పుట్టుక శిక్ష. చంపని, తినని, అసలు వ్యాధుడే కాని వ్యాధుణ్ని మన ముందు నిలబెట్టి, చూడండి, వ్యాధుడు కూడా ధర్మం చెప్పగలడు అన్నట్టుంది. మా వాడికి ఆ ఇంట్లో గది ఇవ్వడానికి కూడా ఇదే షరతు కదా. నువ్వు మంచివాడివే, మీ వాళ్లలా లేకపోతే చాలు.

కాబట్టి ఆ వాదనను తీసుకుని, ఆ పూర్వజన్మను అక్కడే వదిలేసి రావాలి. చంపేవాళ్లు, తినేవాళ్లు కూడా హింసను తగ్గించే ఆలోచన చేశారా అని చూడాలి. చేశారనడానికి మా విశాఖ మన్యంలో మా ఇంటిపేర్లే సాక్ష్యం. కిల్లో వాళ్లది పులి. పాంగి వాళ్లది గద్ద. గొల్లోరి వాళ్లది కోతి. వంతల వాళ్లది పాము. కొర్ర వాళ్లది సూర్యుడు. ఎవరి వంశానికి చెందిన జీవిని వాళ్లు చంపకూడదు, తినకూడదు అన్నది పెద్దల మాట. దీన్ని బయటివాళ్లు మూఢనమ్మకం అంటారు, మనలో చదువుకున్నవాళ్లు పొంగిపోయి పర్యావరణ జ్ఞానం అంటారు. మేము రెండూ అనం. ఇందులో లోపం ఉంది. పాంగి వాళ్లు కోతి జోలికి వెళ్లకూడదని ఈ కట్టుబాటు చెప్పదు. పులికి కిల్లో వాళ్ల నుంచి మాత్రమే రక్షణ. కానీ ఒక ఊళ్లో నాలుగైదు వంశాలు కలిసి ఉంటాయి. ఏ జంతువు గురించి మాట వచ్చినా, దానితో చుట్టరికం ఉందని చెప్పి అడ్డుపడేవాడు ఒకడు ఆ గుంపులో ఉండే అవకాశం ఉంది. అన్ని ప్రాణుల మీదా ఒకేసారి దయ చూపమంటే ఎవరూ చూపలేరని, తలా ఒకదాన్ని అప్పగించినట్టుగా ఉంది ఈ ఏర్పాటు. దీన్ని అహింస అని మా పెద్దలు ఎప్పుడూ పిలవలేదు. ధర్మవ్యాధుడు చెప్పిన "తగ్గించడం" ఆచారంగా మారితే ఇలాగే ఉంటుందని మాకనిపిస్తుంది.

అలాగని మన వేటను వెనకేసుకు రావడం లేదు. ఇటుకల పండగకు మగవాళ్లు వేటకు వెళ్లడం, ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేయడం మనకు తెలిసిందే. మేమూ చిన్నప్పుడు ఆ నీళ్లు తిన్నాం. ఆ ఎగతాళిలో సరదా ఉంది, నిజమే. ఏదో ఒకటి చంపి తేకపోతే మగవాడు కాడన్న ఒత్తిడి కూడా ఉంది. అది ఆకలి కోసం చంపడం కాదు, పరువు కోసం చంపడం. నాలుగు పేర్లలో దాన్ని ఎక్కడ పెడతాం? ఉద్యోగ హింసలో పెట్టలేం. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఎలాగూ వేటను నిషేధించింది, అడవిలో జంతువూ మిగల్లేదు. ఇంకా దారుణమైనది చిల్లంగి అనుమానం. చిల్లంగి పెట్టాడని ఒక ముసలాయన్నో ముసలమ్మనో కొట్టి చంపిన వార్తలు మన ప్రాంతం నుంచి వచ్చాయి. ఏ జంతువుకైనా అడ్డుపడే చుట్టం ఉన్న ఊళ్లో ఆ ముసలమ్మకు అడ్డుపడేవాడు ఎందుకు లేకపోయాడు? ఇంటి యజమానురాలి ముందు మన జాతి పరువు కాపాడుకోవాలనుకునేవాళ్లు ఈ ప్రశ్నను ముందు మనలో మనం వేసుకోవాలి.

మాస్టార్లకు ఒక మాట. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో బెత్తం పట్టుకునే బడికి వెళ్లేవాళ్లం. ఆశ్రమ పాఠశాలలో అందరూ పట్టుకునేవారు. మూడో తరగతి పిల్ల ఒకతి తెలుగు ఒత్తులు పలకలేకపోతే చేతి మీద కొట్టాం. ఇంట్లో ఆ పిల్ల మాట్లాడేది మన ఆదివాసీ ఒడియా. తెలుగు దానికి రెండో భాష అన్న సంగతి మాకు తెలుసు. మేమూ అదే ఇంటి భాషలోంచి వచ్చినవాళ్లమే. మర్నాటి నుంచి ఆ పిల్ల తరగతిలో నోరు విప్పలేదు. మేము ప్రశ్న అడిగి తలెత్తి చూస్తే చాలు, కళ్లు దించేసుకునేది. 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది. బెత్తం పోయింది. చూపు పోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ధర్మవ్యాధుడి కథ చదివిన ప్రతిసారీ మాకు వేటగాడి కంటే కౌశికుడే దగ్గరివాడు అనిపిస్తాడు. ఒత్తు పలకని పిల్ల మీద మాకొచ్చిన కోపానికీ, రెట్ట వేసిన కొంగ మీద అతనికొచ్చిన కోపానికీ ఏం తేడా ఉంది? "నీ మంచికే కొట్టాను" అని మేము చెప్పుకున్నాం. నాలుగు పేర్లలో దాన్ని వెతికితే, అది నాలుగోదాని కిందే వస్తుంది.

ఇది మా వాడికి కూడా చెప్పాం. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆంటీకి పాల గురించి చెప్పనులే చిన్నాన్నా" అన్నాడు. చెప్పకూడదని మేము అనలేదు. ఆవిడ ఎప్పుడైనా కూర్చుని అడిగితే చెప్పవచ్చు. మెట్ల మీద నిలబడి ఉన్నప్పుడు చెబితే అది కూడా రెట్టకు చూపుతో జవాబు చెప్పడమే అవుతుంది.

పండుగ మర్నాడు వాడే కిందికి వెళ్లాడు. మేము పైనుంచి వింటున్నాం. "ఆంటీ, వాసన మీకు ఇబ్బంది అని నాకు తెలీలేదు. ఎండుచేప ఇంక గదిలో వండను. కోడి గుడ్డు వండుకుంటాను, అది మానలేను. ఇంకో మాట అండి. మీరు నన్ను ఏమన్నా అనండి, మా వాళ్లను అందరినీ కలిపి అనకండి. నాకు అది కష్టంగా ఉంది" అన్నాడు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. నేనేదో మాట వరసకు అన్నాను బాబూ అంది. గుడ్డు సంగతి మాత్రం ఒప్పుకోలేదు. వాడు వాదించలేదు, నెలాఖరుకు ఖాళీ చేస్తానన్నాడు.

అన్నట్టుగానే భరత్‌నగర్ వైపు ఇంకో గదికి మారాడు. అద్దె ఏడు వందలు ఎక్కువ. స్టేషన్‌కు నడక కూడా ఎక్కువే. మొన్న ఫోన్ చేసినప్పుడు, పాత ఇంట్లో పైన నీళ్ల మోటారు చెడిపోతే ఆవిడ వాడికే ఫోన్ చేసిందని, డ్యూటీ అయ్యాక వెళ్లి బాగుచేసి వచ్చానని చెప్పాడు. డబ్బులిచ్చిందా అని అడిగాం. ఇవ్వబోతే తీసుకోలేదట. కాఫీ ఇచ్చిందట, తాగాడట.